కథ రాద్దాం – ఐదో పాఠం: బొమ్మ పడింది, ఈరన్న పడ్డాడు

పోయిన పాఠం చివర ఒక్క పేజీ రాయమన్నాను. బస్సు కోసం కూర్చున్న పిల్లవాడు, వాడి దగ్గర వాడే చేసుకున్న మట్టిబొమ్మలు, అవి కదులుతున్నాయని వాడి ఊహ. సులువైన పని ఇచ్చాననుకున్నాను. మీ పేజీలు చదివాక ఈ వారం చెప్పాల్సిన సంభాషణల పాఠాన్ని పక్కన పెట్టేశాను. అది వచ్చేసారి.

తప్పు కొంత నాది. "ఊహని కూడా నిజం రాసినట్టే రాయండి" అని ఒక్క ముక్క చెప్పి వదిలేశాను. దాన్ని పట్టుకుని సగం మంది మంత్రాల కథ రాశారు. ఒకరి పేజీలో ఎద్దులు డబ్బాలోంచి దూకి బస్సుని కర్నూలు దాకా తరిమాయి, దారిలో కండక్టరు వాటికి టిక్కెట్టు కూడా కొట్టాడు. నవ్వొచ్చింది, ఒప్పుకుంటాను. కానీ కండక్టరుకి కూడా ఎద్దులు కనిపించాయంటే అది పిల్లవాడి ఊహ కాదు, వేరే కథ.

మిగతా సగం మంది మరీ జాగ్రత్తపడ్డారు. ప్రతి కదలిక పక్కనా ‘అనిపించింది’ని కాపలా పెట్టారు. ఒక పేజీలో లెక్కపెడితే పదకొండు తేలాయి. ఇంకో ముగ్గురు చివర్లో అమ్మ చేత పిల్లవాడి భుజం తట్టించి, వాణ్ణి ఉలిక్కిపడేలా చేసి, అదంతా కల అని తేల్చారు. కల గురించి నేను చెప్పేది ఒకటే మాట: వద్దు. ఇక దాని సంగతి ఎత్తను.

అందరం ఒకే కథ మీద పనిచేస్తే తేడాలు బాగా తెలుస్తాయి కాబట్టి నా కథ చెబుతాను. కర్నూలు జిల్లా పడమటి వైపు, కర్ణాటక సరిహద్దు ఊళ్ళలో జ్యేష్ఠ అమావాస్యకి మట్టితో ఎద్దులు చేసి పూజ చేస్తారు. ఏరువాక పున్నమి అయిన పదిహేను రోజులకు వస్తుంది. తొలకరి కోసం పొలాలు ఎదురుచూసే రోజులవి. నా పిల్లవాడికి తొమ్మిదేళ్ళు. రెండు ఎద్దులు, వాటిని తోలే మనిషి ఒకడు, మూడు బొమ్మలు చేసుకుని చెప్పుల డబ్బాలో ఊక పోసి పెట్టుకున్నాడు. అమ్మతో కలిసి అవ్వ వాళ్ళ ఊరికి పోవాలి. ఆదోని రోడ్డు మీద ఒక స్టాపులో కూర్చున్నాడు. వాడికి పేరు పెట్టలేదు, నాకు పిల్లలకి పేరు పెట్టడం ఇష్టం ఉండదు. బొమ్మకి మాత్రం పేరుంది. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. ఎండ, దుమ్ము, స్టాపు ఎలా ఉంది లాంటివి ఎలా రాయాలో మూడో పాఠంలో అయిపోయింది, మళ్ళీ చెప్పను.

ముందు ‘అనిపించింది’ సంగతి తేల్చుకుందాం. "ఎద్దు తోక ఊపినట్టు వాడికి అనిపించింది." ఈ వాక్యంలో మాట్లాడుతున్నది ఎవరు? పిల్లవాడు కాదు. తొమ్మిదేళ్ళవాడు తన బొమ్మని చూస్తూ "నాకు ఇలా అనిపిస్తోంది సుమా" అనుకోడు. వాడు చూస్తాడు, అది ఊపుతుంది, అంతే. మాట్లాడుతున్నది మీరు. పిల్లవాడి వెనకాల నిలబడి, వాడి తలమీదుగా పాఠకుడికి కన్నుకొట్టి, "నిజంగా ఊపలేదులెండి" అని చెబుతున్నారు. మీరలా కన్నుకొట్టిన ప్రతిసారీ పాఠకుడు డబ్బాలోంచి తల బయటికి తీస్తాడు. పదకొండుసార్లు తీస్తే పన్నెండోసారి మళ్ళీ లోపలికి చూడడు.

ఆ ఒక్క మాట కొట్టేస్తే పని అయిపోయిందనుకోకండి. దానికి వేషాలు చాలా ఉన్నాయి, మీ పేజీల్లో అన్నీ దొరికాయి. ‘ఊపినట్టు తోచింది’ అని ఒకరు. ‘ఊపినట్టు కనిపించింది’, ‘ఊపుతోందేమో’, ‘ఊపిందా అన్నట్టు’, ‘ఊపిందనుకున్నాడు’, ‘వాడి ఊహలో ఊపింది’, ‘వాడి కళ్ళకి ఊపింది’. ఒకరు మరీ ముందుకు పోయి ‘ఊపినట్లు భ్రమ కలిగెను’ అని గ్రాంథికంలోకి దిగారు. ఏ వేషమైనా చేసే పని కన్నుకొట్టడమే. ఇంతకుముందు ఒక పాఠంలో ‘అట్టు’ తగ్గించమంటే ఒకాయన ‘ఉన్నట్టుండి’ని కూడా కొట్టేసి పంపారు. ఆ మాట పాపం ఏం చేసింది? దాని మానాన దాన్ని ఉండనివ్వండి.

‘అనిపించింది’ అసలు వాడకూడదా అంటే, పిల్లవాడికే అనుమానం వచ్చిన చోట వాడచ్చు. వాడు తన కళ్ళని తానే నమ్మని క్షణం కథలో ఒకటుంటే ఆ అనుమానం కూడా ఒక సంఘటనే కాబట్టి, అక్కడ ఒక్కసారి రాయండి. నా కథలో ఆ క్షణం లేదు, అందుకని మాటా లేదు.

ఇప్పుడు మీ భయం దగ్గరికి వస్తాను. "కాపలా తీసేస్తే ఎద్దు నిజంగా కదిలిందనుకుంటారు కదా?" అని చాలామంది రాశారు. అనుకోరు. మన భాషలో ఆ పని చెయ్యడానికి వేరే ఏర్పాటుంది, రోజూ వాడుతూనే ఉంటాం. మగమనిషి పడితే ‘పడ్డాడు’. బొమ్మ పడితే ‘పడింది’. వ్యాకరణంలో మహత్తు, అమహత్తు అని చదివి వదిలేసిన సంగతే. క్రియ చివరి అక్షరం చూసి, చెప్పేవాడు దాన్ని మనిషిగా చూస్తున్నాడా, వస్తువుగా చూస్తున్నాడా కనిపెట్టెయ్యచ్చు. కాబట్టి ఊహ మొదలైందని మీరు ప్రకటించక్కర్లేదు. ‘ది’ పోయి ‘డు’ వచ్చిన చోట అది మొదలవుతుంది. కథలో ఇంకెవరైనా అదే బొమ్మని ‘ది’ అంటే చాలు, అది ఒక్క పిల్లవాడికే కనిపిస్తోందని పాఠకుడికి తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంది. "బొమ్మ లేచి నిలబడ్డాడు" అని రాశారు ఒకరు. కర్త ‘బొమ్మ’గా ఉన్నంతసేపు ‘డు’ అతకదు, పంటికింద రాయిలా తగులుతుంది. ముందు కర్త మారాలి. అందుకే బొమ్మకి పేరు. పిల్లవాడు దాన్ని "ఈరన్నా" అని ఒక్కసారి పిలిస్తే, ఆ తర్వాత ఈరన్న నిలబడ్డాడు, ఈరన్న చూశాడు, ఏదైనా నడుస్తుంది. పిలిచాక మాత్రం కథ చెప్పే గొంతులో ‘బొమ్మ’ అనే మాట మళ్ళీ రాకూడదు. ‘దాన్ని’ కూడా రాకూడదు, ‘వాణ్ణి’ అనాలి. పక్కవాళ్ళు మాత్రం ఎన్నిసార్లయినా ‘బొమ్మ’ అనచ్చు.

ఈ కిటుకు ఆడబొమ్మ దగ్గర పనిచెయ్యదు. బొమ్మా నవ్వింది, అమ్మాయీ నవ్వింది, తేడా లేదు. ఇద్దరు ఆడవాళ్ళయితే పనిచేస్తుంది: బొమ్మలు నవ్వాయి, ఆడవాళ్ళు నవ్వారు. ఎద్దు దగ్గరా పనిచెయ్యదు, ప్రాణమున్న ఎద్దు కూడా ‘వచ్చింది’ కదా. అక్కడ ఇంకో జత వాడతాను. తోక ‘ఊగింది’ అంటే గాలికి కూడా ఊగచ్చు. తోక ‘ఊపింది’ అంటే ఎద్దు పూనుకుని ఊపితేనే. మెడ వంగింది, మెడ వంచింది. తల తిరిగింది, తల తిప్పింది. చెవి ఆడింది, చెవి ఆడించింది. మొదటివి వస్తువుకి జరిగేవి, రెండోవి ప్రాణం ఉన్నది చేసేవి. ముందు ‘ఊగింది’ రాసి, పాఠకుడు దానికి ఒప్పుకున్నాక ‘ఊపింది’ రాయండి. నేరుగా ‘ఊపింది’తో మొదలుపెడితే మళ్ళీ మంత్రాల కథలో పడతారు.

ఆ ‘ఊగింది’ ఎక్కడినుంచి వస్తుంది? బస్టాపులో నిజంగా జరిగేదేదో ఒకటి దాన్ని తేవాలి. నాకు ఈ కథలో నీడ ఒకటి, లారీ అదురు ఒకటి, మట్టి ఆరడం ఒకటి చాలాయి. మట్టి సంగతి తెలియకుండా మట్టిబొమ్మ కథ రాస్తే ప్లాస్టిక్ బొమ్మకీ దానికీ తేడా ఉండదు, అందుకని కాస్త చెప్పాలి. తడి మట్టి ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. సన్నగా ఉన్నవి, అంటే కొమ్ములు, చెవులు, చేతులు ముందు ఆరతాయి. ఒళ్ళు పైకి తెల్లబడ్డా లోపల పచ్చిగానే ఉంటుంది. చెయ్యి ఇప్పటికే కుంచించుకుంది, భుజం ఇంకా లేదు. రెండూ చెరోవైపు లాగితే అతుకు దగ్గర నెర్రె పడుతుంది. నల్లరేగడి అయితే మరీను, ఎండాకాలంలో చేలో పడే నెర్రెలు చూశారు కదా, బొమ్మలోనూ అదే గుణం. చేయి తిరిగినవాళ్ళు మట్టిలో కాస్త ఇసుకో పొట్టో కలుపుతారు. అతికించే రెండు చోట్లా పుల్లతో గీతలు గీకి, మట్టినే పల్చగా కలిపి రాసి, అప్పుడు నొక్కుతారు. నా పిల్లవాడు ఇవేమీ చెయ్యలేదు. ఉమ్మితో తడిచేసి అంటించాడు. కథంతా ఆ ఉమ్మితడి మీద నడుస్తుంది, అయినా కథలో దాని మాట ఎక్కడా రాదు.

ఇక కథ.

అమ్మ చిల్లర కోసం రోడ్డు అవతల అంగడికి పోయింది. పిల్లవాడు సిమెంటు అరుగు మీద డబ్బా పెట్టి మూత తీశాడు. ఊకలో రెండు ఎద్దులు, వెనక మనిషి బొమ్మ. పొద్దున నల్లగా ఉన్నవి బూడిదరంగుకి తిరిగాయి. బొమ్మ కుడిచెయ్యి పైకి లేచి ఉంది. చేతిలో చీపురుపుల్ల ములుగర్ర. భుజం దగ్గర వెంట్రుకంత గీత.

"ఇంకా రాలేదు బస్సు, ఈరన్నా," అన్నాడు పిల్లవాడు.

వేపకొమ్మ నీడ డబ్బా మీదికి వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. ఎడమెద్దు డొక్క ఎగసింది, తగ్గింది. మళ్ళీ ఎగసింది. పిల్లవాడు సీసా మూతలో రెండు చుక్కలు నీళ్ళు పోసి దాని ముందు ఊకలో గుచ్చాడు. ఎద్దు ముట్టె వంచింది.

అరుగు చివర పడుకున్న ముసలాయన ఒక కన్ను తెరిచాడు. "ఏమిరా అవి?"

"ఎద్దులు తాతా."

"మట్టిబొమ్మలా?"

పిల్లవాడు పలకలేదు. ఈరన్న కూడా పలకలేదు.

ఆదోని వైపునుంచి లారీ వస్తోంది. అది కనిపించకముందే అరుగు కింద ఎక్కడో అదురు మొదలైంది. అరుగంతా పాకింది, డబ్బాలోకి వచ్చింది. ఊక జారింది. ఎద్దులు ముందుకి కదిలాయి. మూతలో నీళ్ళు ఒలికిపోయాయి. ఈరన్న కాళ్ళు ఎడంగా పెట్టి నిలదొక్కుకున్నాడు. హో, అన్నాడు. ఎద్దులు ఆగలేదు. ములుగర్ర ఇంకా పైకెత్తాడు. ఎడమెద్దు తల తిప్పి వెనక్కి చూసింది.

"కొట్టొద్దు ఈరన్నా," అన్నాడు పిల్లవాడు. "దానికి దప్పికయింది, అంతే."

లారీ దాటిపోయింది. దుమ్ము అణిగేదాకా వాడు డబ్బాకి రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

అమ్మ వచ్చి తొంగిచూసింది. "అయ్యో, చెయ్యి ఊడిపాయ కదరా. ఆరనీ ఆరనీ అంటే వింటివా?"

"ఊడలేదమ్మా," అన్నాడు. "దించినాడు."

కథ అంతే. మొదటి ప్రతిలో దీని కింద ‘బస్సు వచ్చింది’ అని ఒక వాక్యం ఉండేది. చదివి చదివి కొట్టేశాను. బస్సు వస్తే పాఠకుడు బస్సెక్కి పోతాడు. నాకు వాడు ‘దించినాడు’లో ఆ ‘డు’ దగ్గరే ఆగాలి. అది ఆ ప్రాంతపు మాట, మీ వైపు ‘దించాడు’ అంటే అలాగే రాయండి, అక్షరం మారదు కదా.

ఇప్పుడు వెనక్కి వెళ్ళి ఎర్రపెన్నుతో చూడండి. బస్టాపులో నిజంగా జరిగింది చాలా తక్కువ: నీడ ఊగింది, అరుగు అదిరింది, ఊక జారింది, నెర్రె విచ్చి చెయ్యి ఊడింది. మిగతాదంతా పిల్లవాడిది. ‘డొక్క ఎగసింది’, ‘ముందుకి కదిలాయి’ అనే రెండు వాక్యాలు మాత్రం ఇద్దరివీ. నీడ వల్ల ఎగసిందనుకున్నా సరే, ఊపిరి అనుకున్నా సరే. ఊక జారి కదిలాయన్నా నిజమే, నడిచాయన్నా నిజమే. వాటిమీదుగానే ‘వంచింది’కీ ‘నిలదొక్కుకున్నాడు’కీ దాటాను. ఇలాంటి ఇద్దరి వాక్యం ఒకటి లేకుండా దాటితే పాఠకుడు వెంట రాడు.

‘ముట్టె వంచింది’కి బయట ఏ కారణమూ లేదు కదా అని మీలో ఒకరైనా పట్టుకుంటారు. నిజమే, లేదు. డొక్క ఆడాక ఎద్దుకి ప్రాణం వచ్చేసింది, దాని తర్వాతి కదలికకి మళ్ళీ లెక్క చెప్పక్కర్లేదు. అలాగని వరసగా పది కదలికలు రాస్తే మళ్ళీ లెక్క అడుగుతారు. నేనైతే రెండు మూడు దాటనివ్వను, అందుకే ముసలాయన్ని లేపాను. ఆయన ‘అవి’, ‘బొమ్మలా’ అని అడగగానే పిల్లవాడికి తప్ప అందరికీ అవి మట్టేనని మళ్ళీ గుర్తొస్తుంది. అంతకుమించి ఆయనకి కథలో పనిలేదు, పేరూ లేదు. "ఈరన్న కూడా పలకలేదు" అన్నది మాత్రం కాస్త కొంటెతనం. బొమ్మ ఎలాగూ పలకదు, కానీ ‘కూడా’ అనగానే అది ఈరన్న ఇష్టపడి ఊరుకున్నట్టు అయిపోతుంది. ఇక్కడ ‘పలకలేదు’కి ‘డు’ లేదు, ‘ది’ లేదు. జరిగిపోయిన దాని గురించి చెప్పే వ్యతిరేక క్రియ ఎవరికైనా ఒకటే కాబట్టి అది కూడా ఇద్దరి వాక్యమే. ఇది నేను ముందే అనుకుని రాసింది కాదు, రాశాక కనబడింది.

చివర్లో అమ్మ ‘ఊడిపాయ’ అంది, వాడు ‘దించినాడు’ అన్నాడు. జరిగింది ఒక్కటే, చెయ్యి కిందికి వచ్చింది. ఎద్దుని కొట్టొద్దని వాడు ఈరన్నని అడిగాడు, ఈరన్న విన్నాడు. నెర్రె సంగతి పాఠకుడికి మొదటి పేరాలోనే వెంట్రుకంత గీతగా చూపించాను కాబట్టి చెయ్యి ఎందుకు ఊడిందో అతనికి తెలుసు. ఆ గీత లేకపోతే చివరి మాట తెచ్చిపెట్టినట్టు ఉంటుంది. మీ పేజీల్లో చాలావాటికి లేనిది ఆ గీతే.

అభ్యాసం. ఈసారి కాగితం కంటే ముందు మట్టి. చెరువు మట్టి గానీ కుమ్మరి దగ్గర మట్టి గానీ పిడికెడు తెచ్చుకోండి. పూలకుండీలో మట్టి పనికిరాదు, దాంట్లో ఎరువూ కొబ్బరిపీచూ కలిపి ఉంటాయి, ముద్ద కట్టదు. బెత్తెడు మనిషిని చెయ్యండి. ఒక చెయ్యి గీతలు గీకి, పల్చటి మట్టి రాసి అతికించండి. రెండోది ఉత్త తడివేలితో అంటించండి. పొద్దున్నే ఎండలో పెట్టి, సాయంత్రం దాకా అరగంటకోసారి వెళ్ళి చూసి, ఏం మారిందో ఒక్కో వాక్యం రాయండి. రంగు, నెర్రె, వాలు, ఏదైనా సరే. అన్నీ ‘ది’తోనే ముగియాలి, ఊహ ఒక్కటి కూడా వద్దు. మర్నాడు ఆ కాగితం పట్టుకుని బస్టాపుకి పోయి గంట కూర్చోండి. అక్కడ నిజంగా ఊగినవి, అదిరినవి, జారినవి రాసుకోండి. ఆ రెండు కాగితాల్లో ఉన్నవి తప్ప ఇంకే కదలికా వాడకుండా ముప్పై వాక్యాల కథ రాయండి. ‘ది’ నుంచి ‘డు’కి ఎక్కడ దాటారో అక్కడ ఎర్రగీత పెట్టి పంపండి. గీత లేని పేజీ చదవను. రెండు గీతలున్నా చదవను.

వాన పడితే బొమ్మని లోపల పెట్టుకోండి, కాల్చని మట్టి నీళ్ళలో కరిగిపోతుంది. కరిగిపోతే, ఎలా కరిగిందో అది కూడా రాసుకోండి.